ఎనభై వాట్ల చార్జర్‌కి లొంగని ల్యాప్‌టాప్

కిందటి సంక్రాంతికి రాజమండ్రిలో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. రాత్రి భోజనాలయ్యాక బ్యాగు తెరిస్తే ల్యాప్‌టాప్ ఉంది, చార్జర్ లేదు. హైదరాబాద్‌లో గోడకే ఉండిపోయింది. బ్యాటరీ 18 శాతం. మర్నాడు పొద్దున్నే పంపాల్సిన పని ఇంకా సగం మిగిలి ఉంది.

మా మేనల్లుడు పరుగెత్తుకెళ్ళి తన ఫోన్ చార్జర్ తెచ్చాడు. "ఇది 80 వాట్లది మామయ్యా! మీ ల్యాప్‌టాప్‌ది 65 వాట్లే కదా, ఇంకా తొందరగా ఎక్కేస్తుంది" అన్నాడు. వాడి లెక్కలో తప్పేమీ కనిపించదు. రెండు వైపులా అదే టైప్ సి. తీగ చక్కగా లోపలికి దిగింది. కానీ ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న దీపం వెలగలేదు. తెర మీద ప్లగ్గు బొమ్మ కూడా రాలేదు.

ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, బొటనవేలంత ఉండే యూఎస్‌బీ మీటరు ఒకటి ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. చార్జర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య దాన్ని పెడితే ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఎన్ని ఆంప్స్ పారుతున్నాయో చూపిస్తుంది. అది 5.1 వోల్టులు చూపించింది. ఆంప్స్ దగ్గర సున్నా. అంటే చార్జర్ బాగానే ఉంది, చేయి చాచి నిలబడింది. ల్యాప్‌టాపే ఏమీ తీసుకోవడం లేదు.

షాపుకి వచ్చేవాళ్ళు కూడా ఇదే చెబుతారు. "చార్జర్ పెద్దదే సార్, పోర్టు పోయినట్టుంది" అని. పోర్టు పోయిన కేసులు లేకపోలేదు. కానీ చాలాసార్లు పోర్టు నిక్షేపంగా ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య మాట కలవకపోవడమే అసలు సంగతి. మాట అన్నది ఇక్కడ ఉపమానం కోసం వాడడం లేదు. టైప్ సి చార్జర్, ల్యాప్‌టాప్ నిజంగానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒప్పందం కుదిరాకే కరెంటు కదులుతుంది.

పాత గుండ్రటి పిన్ను చార్జర్‌ని గుర్తు తెచ్చుకోండి. గోడకి పెట్టగానే దాని కొసన 19 వోల్టులో, 19.5 వోల్టులో సిద్ధంగా ఉంటాయి. ల్యాప్‌టాప్ ఉన్నా లేకపోయినా అంతే. టైప్ సి అలా కాదు. సరైన టైప్ సి చార్జర్‌ని గోడకి పెట్టి వదిలేస్తే దాని నోట్లో సున్నా వోల్టులే. అవతల ఎవరో ఉన్నారని తెలిసేదాకా అది ఏమీ ఇవ్వదు.

ఉన్నారని ఎలా తెలుస్తుంది? ఆ చిన్న కోలమూతిలో 24 పిన్నులుంటాయి. వాటిలో రెండింటి పేరు సీసీ. చార్జింగ్ తీసుకునే ప్రతి పరికరం ఈ పిన్నుల దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టుకోవాలి. ఒక్కోటి ఆవగింజలో సగం ఉంటుంది. తీగ గుచ్చగానే చార్జర్ ఈ రెసిస్టర్‌ని పసిగడుతుంది. "సరే, కరెంటు కావలసినవాళ్ళు వచ్చారు" అనుకుని మొదట 5 వోల్టులు మాత్రం విడుదల చేస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా ఈ రెసిస్టర్ పని చేస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు కదా.

మీ ఇంట్లో చవక ట్రిమ్మరో, టార్చిలైటో టైప్ సి నోరుతో ఉండి, పెట్టెలో వచ్చిన పాత మోడల్ తీగతో మాత్రమే చార్జ్ అవుతూ, రెండు కొసలూ టైప్ సి ఉన్న తీగతో ససేమిరా అంటుంటే, దానికి కారణం సాధారణంగా ఇదే. పైసల్లో దొరికే ఆ రెసిస్టర్లని తయారీదారు పెట్టలేదు. చార్జర్ దృష్టిలో అవతల ఎవరూ లేరు. మా షాపులో ఇలాంటి లైట్లకి రెండు రెసిస్టర్లు అతికించి ఇచ్చిన రోజులున్నాయి.

5 వోల్టులు వచ్చాక అసలు సంభాషణ మొదలవుతుంది. దీన్నే పవర్ డెలివరీ అంటారు, పొట్టిగా పీడీ. అదే సీసీ తీగ మీద చార్జర్ ఒక జాబితా పంపుతుంది. నా దగ్గర 5 వోల్టుల్లో 3 ఆంప్స్ ఉన్నాయి, 9 వోల్టుల్లో 3 ఉన్నాయి, 15లో 3, 20లో 3.25 అని చదువుతుంది. ఆ జాబితాలో మొదటి పద్దు ఎప్పుడూ 5 వోల్టులే. ల్యాప్‌టాప్ దాన్ని విని, తనకి కావలసిన వరుసని అడుగుతుంది. చార్జర్ సరేనంటుంది, వోల్టేజీ పెంచుతుంది, "సిద్ధం" అని కబురు పెడుతుంది. అప్పుడు గాని ల్యాప్‌టాప్ పూర్తి కరెంటు గుంజదు. ఇదంతా మనం చేయి వెనక్కి తీసుకునేలోపు, సెకను లోపే అయిపోతుంది. ఎక్కువ వాట్ల చార్జర్ పెడితే ఫోన్ కాలిపోతుందన్న భయం ఇక్కడ అక్కర్లేదు. అడగనిదే 5 వోల్టులు దాటవు.

ఇప్పుడు మా మేనల్లుడి 80 వాట్ల చార్జర్ దగ్గరికి వద్దాం. దాన్ని తిరగేసి, వెనక బూడిదరంగు అక్షరాల్ని ఫోన్ టార్చ్ వెలుగులో చదివాను.

```
OUTPUT: 5V⎓2A / 5-11V⎓7.3A MAX
```

ఆ 11ని 7.3తో గుణిస్తే 80 వాట్లు. అబద్ధం కాదు. ఆ చార్జర్ తన జోడీ ఫోన్‌కి నిజంగానే 80 వాట్లు ఇస్తుంది. కానీ దాని నోరు చూడండి. అది టైప్ సి కాదు, పాత వెడల్పాటి టైప్ ఎ. తీగకి ఒక కొస టైప్ ఎ, ఇంకో కొస టైప్ సి. పాత టైప్ ఎ నోటిలో సీసీ పిన్ను అన్నదే లేదు. పీడీ మాట్లాడే దారే అక్కడ లేదు. ఆ ఫోన్ కంపెనీ తన చార్జర్‌కీ తన ఫోన్‌కీ మధ్య డేటా పిన్నుల మీదుగా సొంత భాష ఒకటి పెట్టుకుంది. సూపర్‌వూక్ లాంటి పేర్లు ఈ సొంత భాషలవే. ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాదు. రెండూ కలిస్తే ఇద్దరికీ తెలిసిన ఒకే ఒక్క మాట మిగులుతుంది, 5 వోల్టులు. స్టిక్కర్ మీద ఆ మొదటి ముక్క ఏం చెబుతోంది? 5 వోల్టులు, 2 ఆంప్స్. పది వాట్లు. 80 వాట్ల చార్జర్ ఆ క్షణాన ల్యాప్‌టాప్ కళ్ళకి పది వాట్ల చార్జర్.

పది వాట్లతో పనికాదని ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసింది. ఈ తరహా చార్జర్లలో కొన్ని కొత్తవి టైప్ సి నోటితో వస్తున్నాయి, వాటికి పీడీ కూడా వస్తుంది. కానీ అక్కడా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె సొంత భాషది. పీడీలో ఇచ్చేది దానికంటే బాగా తక్కువ ఉండొచ్చు. అది స్టిక్కర్ మీద వేరే వరుసలో ఉంటుంది.

వాడు కాస్త డీలా పడ్డాడు. అక్క ఫోన్ చార్జర్ తెచ్చాడు. ఇది 25 వాట్లది, నోరు టైప్ సి, తీగకి రెండు కొసలూ టైప్ సి, పీడీ భాష వచ్చు. ఇది పని చేయాలి కదా? మీటరు మళ్ళీ 5 వోల్టులు చూపించి ఆగిపోయింది. ఆంప్స్ సున్నా. దీని స్టిక్కర్ ఇలా ఉంది.

```
OUTPUT (PDO): 9V⎓2.77A or 5V⎓3A
OUTPUT (PPS): 3.3-5.9V⎓3A or 3.3-11V⎓2.25A
```

రెండో వరుసలో ఉన్న పీపీఎస్ అంటే వోల్టేజీని చిన్న చిన్న మెట్లలో ఎక్కిస్తూ దించుతూ ఇవ్వడం. ఫోన్ బ్యాటరీ వేడెక్కకుండా వేగంగా నింపడానికి చేసిన ఏర్పాటు అది. మామూలు ల్యాప్‌టాప్ దాన్ని పట్టించుకోదు. మొదటి వరుస చూడండి. జాబితా 9 వోల్టులతో అయిపోయింది. 15 లేదు, 20 లేదు.

నా ల్యాప్‌టాప్‌కి కావలసింది 20. దాని సొంత చార్జర్ మీద 20 వోల్టులు, 3.25 ఆంప్స్ అని ఉంటుంది. చార్జర్ జాబితాలో 20 కనబడకపోతే అది 5 వోల్టుల వరుసనే తీసుకుని, అడిగే కబురులోనే "ఇది నాకు చాలదు" అని ఒక గుర్తు పెడుతుంది. పీడీ నిబంధనల్లోనే ఆ గుర్తుకి చోటుంది. ఆ తర్వాత ఏం చేయాలన్నది ల్యాప్‌టాప్ తయారీదారు ఇష్టం. కొన్ని తెర మీద "స్లో చార్జర్" అని చూపిస్తాయి. కొన్ని ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. నాది రెండో రకం.

20 వోల్టులే ఎందుకన్నది కాస్త నిదానంగా చెప్పుకోవలసిన విషయం. డాబా మీద ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు సంగతి అందరికీ తెలుసు. మోటారు కొనేటప్పుడు షాపువాడు ముందు అడిగేది హెడ్ గురించే, ఎన్ని అంతస్తులు ఎక్కాలని. ఒక అంతస్తు హెడ్ ఉన్న మోటారు ఎంత ధారగా పోసినా, మూడో అంతస్తు ట్యాంకులో చుక్క పడదు. వోల్టేజీ అంటే ఆ హెడ్ లాంటిది. ఫోన్ బ్యాటరీ చాలావరకు ఒక్క సెల్లుతో ఉంటుంది. నిండినప్పుడు దాని వోల్టేజీ 4.4కి అటూ ఇటూగా ఉంటుంది. 5 వోల్టులు దాని నెత్తి మీద పోయగలవు. ల్యాప్‌టాప్ బ్యాటరీలో మూడు సెల్లులో, నాలుగు సెల్లులో ఒకదాని మీద ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. మూడైతే నిండేసరికి 13 వోల్టులు, నాలుగైతే 17 దాకా. 9 వోల్టులు అంత ఎత్తు ఎక్కలేవు. 20 అయితే మూడు సెల్లుల బ్యాటరీకైనా నాలుగు సెల్లుల బ్యాటరీకైనా పైనుంచి పోయడమే.

మరి 9ని 13కి పెంచే సర్క్యూట్ పెట్టలేరా అంటే, పెట్టగలరు. ల్యాప్‌టాప్ లోపల చార్జింగ్ చిప్‌లు రెండు రకాలు. ఒకటి వోల్టేజీని దించడం మాత్రమే తెలిసినది. గుండ్రటి పిన్ను రోజుల నుంచి వస్తున్న డిజైన్ ఇది. ఇంకోటి దించనూ గలదు, పెంచనూ గలదు. ఈ రెండో రకం ఉన్న యంత్రాలు 5 వోల్టుల నుంచి కూడా మెల్లగా చార్జ్ చేసుకోగలవు. మ్యాక్‌బుక్‌లు చిన్న ఫోన్ చార్జర్‌ని కూడా ఒప్పుకుని నెమ్మదిగా నింపుకోవడం అలాంటిదే. నిద్రపుచ్చి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి చాలావరకు నిండి ఉంటాయి.

అయితే చిప్‌కి చేతనైనా, తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో గీత గీసిన యంత్రాలు ఉన్నాయి. ఇంతకంటే తక్కువ వాట్లయితే తీసుకోవద్దని. మొదట్లో నాకు ఇది మొండితనంగా కనిపించేది. తర్వాత వాళ్ళ బాధ అర్థమైంది. 15 వాట్లు తీసుకుంటూ ప్లగ్గు బొమ్మ చూపిస్తే, మనం చార్జ్ అవుతోందనుకుని వీడియో కాల్‌లో కూర్చుంటాం. ల్యాప్‌టాప్ 22 వాట్లు తింటూ ఉంటుంది. గంటన్నర తర్వాత, చార్జర్ తగిలించి ఉండగానే యంత్రం ఆరిపోతుంది. దానికంటే ముందే కాదనడం నయమని కొందరు అనుకున్నారు. నా అభిప్రాయం మాత్రం ఒకటే. కాదన్నా సరే, ఎందుకు కాదంటున్నారో తెర మీద చెప్పాలి. చెప్పకపోవడం వల్లే జనం బాగున్న పోర్టుల్ని మార్పించుకుంటున్నారు.

అప్పుడు బావ తన ట్యాబ్లెట్ చార్జర్ ఇచ్చారు. చూడటానికి ఫోన్ చార్జర్ అంతే ఉంది. 30 వాట్లది. మా మేనల్లుడు దాన్ని పెద్దగా నమ్మలేదు. 80 చేయలేనిది 30 ఏం చేస్తుందని వాడి అనుమానం. దీని స్టిక్కర్:

```
OUTPUT: 5V⎓3A, 9V⎓3A, 15V⎓2A, 20V⎓1.5A
```

చివరి వరుసలో 20 ఉంది. తీగ గుచ్చాను. మీటరు 5 చూపించి, రెప్పపాటులో 19.9కి ఎగిరింది. ఆంప్స్ 1.4. ల్యాప్‌టాప్ దీపం వెలిగింది. 80 వాట్లకీ 25 వాట్లకీ కదలనిది 30 వాట్లకి కదిలింది.

కదిలింది గాని, పరుగెత్తలేదు. 19.9ని 1.4తో గుణిస్తే 28 వాట్లు. వోల్టేజీ మార్చేటప్పుడు సర్క్యూట్లో కొంత వేడిగా పోతుంది, దానికి రెండు వాట్లనుకుందాం. మిగిలింది 26. నేను పని చేస్తూ, బ్రౌజర్ తెరిచి, తెర వెలుగు నిండా పెట్టుకున్నప్పుడు ల్యాప్‌టాప్ తినేది సుమారు 20 వాట్లు. ఇక బ్యాటరీకి దక్కేది 6 వాట్లు. నా బ్యాటరీ 54 వాట్ అవర్‌లది. అందులో 18 శాతం పోను ఇంకా 44 నింపాలి. గంటకి 6 చొప్పున ఏడు గంటలకి పైమాటే. అదే యంత్రాన్ని ఆపేస్తే 26 వాట్లూ బ్యాటరీకే. లెక్క ప్రకారం గంటా నలభై నిమిషాలు. చివర్లో ఏ లిథియం బ్యాటరీ అయినా నెమ్మదిస్తుంది కాబట్టి రెండున్నర గంటలనుకోవచ్చు. తేడా ఎంతో చూడండి. చార్జర్ అదే, తీగ అదే. నింపుతూ వాడుకోవడమే ఇక్కడ ఆలస్యం.

ఈ లెక్క కోసం అందరూ మీటరు కొనక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క వరుస కొడితే బ్యాటరీలోకి ఎంత వెళ్తోందో, లేదా బ్యాటరీ నుంచి ఎంత పోతోందో చెబుతుంది.

```
Get-CimInstance -Namespace root/wmi -ClassName BatteryStatus | Select-Object ChargeRate, DischargeRate
```

వచ్చే అంకెలు మిల్లీవాట్లు. వెయ్యితో భాగించుకోవాలి. ఆ రాత్రి నాకు `ChargeRate` దగ్గర 6100 వచ్చింది, అంటే ఆరు వాట్ల చిల్లర. ఒక పెద్ద ఫైలు తెరిచేసరికి అది సున్నా అయి, `DischargeRate` దగ్గర అంకె మొదలైంది. చార్జర్ చాలనప్పుడు లోటుని బ్యాటరీ పూడుస్తోందన్న మాట. ప్లగ్గు బొమ్మ ఉండగానే శాతం తగ్గడం అంటే ఇదే. బ్యాటరీ పాడైందని దీన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. మ్యాక్‌లో అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ విభాగం తెరిస్తే, తగిలించిన చార్జర్‌తో ఎన్ని వాట్లకి ఒప్పందం కుదిరిందో రాసి ఉంటుంది.

నేను పదిన్నరకి యంత్రం ఆపేసి, తెల్లవారుజామున లేచి పని ముగించాను. మా మేనల్లుడికి మాత్రం ఆ రాత్రి ఇంకో సందేహం మిగిలింది. పక్కింటివాళ్ళ దగ్గర 100 వాట్ల చార్జర్ ఉందట, వాళ్ళ అబ్బాయి పెద్ద ల్యాప్‌టాప్‌కి అది తగిలిస్తే "స్లో" అని వస్తోందట. చార్జర్‌లో 20 వోల్టులు, 5 ఆంప్స్ అని రాసి ఉందట. మర్నాడు వెళ్ళి చూశాను. చార్జర్ మంచిదే. తీగ ఫోన్ పెట్టెలో వచ్చినది.

తీగకి కూడా ఈ సంభాషణలో వాటా ఉంది. రెండు కొసలూ టైప్ సి ఉన్న మామూలు తీగ 3 ఆంప్స్ దాకా మోయగలదని పీడీ లెక్క. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకు మించి కావాలంటే తీగ మూతిలో ఒక చిన్న చిప్ ఉండి, "నేను 5 ఆంప్స్ మోయగలను" అని చార్జర్‌కి చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే 100 వాట్ల చార్జర్ తన జాబితాని 3 ఆంప్స్ దగ్గరే కత్తిరించి చదువుతుంది. సన్న తీగలో 5 ఆంప్స్ పంపితే తీగ వేడెక్కుతుందని ఆ జాగ్రత్త. పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్‌కి 100 వాట్లు కావాలి, అందుతున్నవి 60. అతనికి కావలసింది కొత్త చార్జర్ కాదు, మూతి మీద 100W అనో 240W అనో ముద్రించి ఉన్న తీగ. 240 అన్న అంకె 2021లో వచ్చిన పీడీ 3.1 నుంచి మొదలైంది. అందులో వోల్టేజీ 48 దాకా వెళ్తుంది. పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మాత్రం టైప్ సి ఇప్పటికీ ఒక పక్క దారే. వాటి అసలు చార్జర్ గుండ్రటి పిన్నుదో చదునైన పిన్నుదో ఉంటుంది. టైప్ సి నుంచి 100 వాట్లు తీసుకున్నా, ఆట మొదలుపెడితే బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

తీగల విషయంలో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ చేసిన పని ఈ రంగంలో ఉన్నవాళ్ళకి బాగా గుర్తు. 2015 చివర్లో ఆయన అమెజాన్‌లో అమ్మే టైప్ సి తీగలు కొని, ఒక్కోదాన్నీ పరీక్షించి, ఏది నిబంధనల ప్రకారం ఉందో ఏది లేదో రాయడం మొదలుపెట్టాడు. ఎక్కువగా దొరికిన తప్పు మళ్ళీ రెసిస్టర్‌దే. ఒక కొస టైప్ ఎ ఉన్న తీగలో 56 కిలో ఓమ్‌లది ఉండాలి. ఇది పాత చార్జర్, జాగ్రత్తగా తీసుకో అని అవతలి పరికరానికి చెప్పే గుర్తు అది. దాని బదులు 10 కిలో ఓమ్‌లది పెట్టి అమ్మేవారు. 10 అంటే "3 ఆంప్స్ గుంజుకో" అని. పాపం పాత చార్జర్ అంత ఇవ్వలేదు. 2016 ఫిబ్రవరిలో ఒక తీగలోనైతే ప్లస్, గ్రౌండ్ తీగలే తారుమారుగా అతికించి ఉన్నాయి. దాన్ని తగిలించేసరికి ఆయన పరీక్షలకి వాడే ల్యాప్‌టాప్ పాడైపోయింది. ఆ తర్వాత అమెజాన్ నిబంధనలకి సరిపోని టైప్ సి తీగల అమ్మకాన్ని నిషేధించింది.

ఈ ముచ్చట చెప్పడానికి కారణం ఉంది. ల్యాప్‌టాప్ ఒక చార్జర్‌ని కాదంటే అందులో ప్రమాదమేమీ లేదు. ప్రమాదం, మాట్లాడకుండా ఇచ్చే చార్జర్‌తో ఉంది. ఏ ఒప్పందమూ లేకుండా నేరుగా 12 వోల్టులో 20 వోల్టులో టైప్ సి మూతిలోంచి పోసే చవక అడాప్టర్లు కొన్ని బజారులో తిరుగుతుంటాయి. స్టిక్కర్ మీద ఒకే ఒక్క వోల్టేజీ, అది కూడా 5 కానిది కనిపిస్తే ఆ మూతిని ఫోన్‌కి గాని ల్యాప్‌టాప్‌కి గాని పెట్టకండి. అలా వచ్చిన బోర్డుల్లో పోర్టు వెనక చిప్ నల్లగా కాలి ఉండటం నేను చూశాను. అంతకు ముందు దాకా ఆ యంత్రాల్లో ఏ లోపమూ లేదు.

రెండు మూతులున్న చార్జర్ కొన్నవాళ్ళు ఇంకో సంగతి గమనించే ఉంటారు. ల్యాప్‌టాప్ హాయిగా చార్జ్ అవుతుంటుంది. పక్క మూతికి ఫోన్ తగిలించగానే ల్యాప్‌టాప్ ఒక్క క్షణం చార్జింగ్ ఆపి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ క్షణంలో చార్జర్ తన 65 వాట్లని ఇద్దరికీ పంచి, కొత్త జాబితా చదివింది. ల్యాప్‌టాప్ వాటా 45కి పడిపోయింది. కొన్ని చార్జర్లలో ఇంకా తగ్గి, జాబితాలోంచి 20 వోల్టులే మాయమవుతాయి. అప్పుడు ల్యాప్‌టాప్ అసలే వద్దంటుంది. ఫోన్ తీసేస్తే మళ్ళీ మామూలు. ఏ వాటాలో ఎంతో చార్జర్ ఒంటి మీదో, దాని పెట్టె మీదో సి1, సి2 అని రాసి ఉంటుంది.

ఇక ఏం తగిలించినా మీటరు 5 వోల్టులు దాటకపోతే, ల్యాప్‌టాప్ పోర్టు చార్జింగ్‌ది అవునో కాదో చూసుకోవాలి. చవక మోడల్స్‌లో టైప్ సి నోరు డేటాకి మాత్రమే ఉండటం మామూలే. చార్జింగ్ తీసుకునే పోర్టు పక్కన సాధారణంగా చిన్న ప్లగ్గు బొమ్మో, బ్యాటరీ బొమ్మో చెక్కి ఉంటుంది. రెండు టైప్ సి నోళ్ళున్నా ఒకటే చార్జింగ్‌ది కావచ్చు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన చార్జరే గుండ్రటి పిన్నుదైతే, టైప్ సి నుంచి చార్జ్ అవుతుందన్న మాట ఆ మోడల్ వివరాల్లో విడిగా రాసి ఉంటే తప్ప నమ్మకండి.

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకీ, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకీ టైప్ సి చార్జింగ్ తప్పనిసరి. ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది మూతి కాదు, పెట్టె మీద వేయమన్న చిన్న బొమ్మ. ప్లగ్గు మూతి లోపల రెండు అంకెలు ఉంటాయి. కనీసం ఇన్ని వాట్లుంటే చార్జ్ అవుతుంది, ఇన్ని ఉంటే పూర్తి వేగం అందుకుంటుంది అని. పీడీ వచ్చా లేదా అన్నది దాని కింద. ఆ మొదటి అంకె తెలిస్తే రాజమండ్రిలో ఆ రాత్రి నేను చేసిన తడుములాట ఎవరికీ అక్కర్లేదు.

మా మేనల్లుడు ఈ మధ్య ఫోన్ చేశాడు. కాలేజీకి ల్యాప్‌టాప్ కొన్నాడట, హాస్టల్లో ఫోన్‌కీ దానికీ ఒకే చార్జర్ తీసుకుందామని షాపులో ఉన్నాడు. చేతిలో ఉన్నదాని స్టిక్కర్ చదువుతున్నాడు. "5కి 3, 9కి 3, 15కి 3, 20కి 3.25. కింద పీపీఎస్ కూడా ఉంది మామయ్యా." నోరు ఏ రకమని అడిగాను. టైప్ సి అన్నాడు. ల్యాప్‌టాప్ సొంత చార్జర్ ఎన్ని వాట్లదని అడిగాను. 65 అన్నాడు. 3.25 ఆంప్స్ కాబట్టి, తీగ మాత్రం 100 వాట్లది తీసుకోమన్నాను.